నేలలో ముప్పై ఏళ్లు, మరి అన్నంలో ఎన్నేళ్లు?

సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్లు. అణు రియాక్టర్ ప్రమాదం గురించి మాట వచ్చినప్పుడల్లా వార్తల్లో వినిపించే అంకె ఇదే. ఇవాళ వంద పాళ్లు ఉంటే ముప్పై ఏళ్లకు యాభై, అరవై ఏళ్లకు ఇరవై ఐదు. లెక్క సరైనదే. అయితే అది పరమాణువుకు సంబంధించిన లెక్క, పళ్లెంలో అన్నానికి సంబంధించింది కాదు. నేలలో సీజియం ఉండటం వేరు, అది వరి వేరులోకి ఎక్కడం వేరు. ఈ రెంటినీ కలిపేసినందుకే ఒకచోట అనవసర భయం పుట్టింది, ఇంకోచోట అనవసర ధీమా పుట్టింది. ధీమా వల్ల జరిగిన నష్టమే ఎక్కువ.

గోదావరి డెల్టాలో అణు రియాక్టర్ లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదన ఉంది, దక్షిణాన తమిళనాడులో కల్పాక్కం అణు కేంద్రం ఉంది. కాబట్టి ఇక్కడ డెల్టా ప్రస్తావన ఒక ఊహ మాత్రమే: ఎక్కడో జరిగిన ప్రమాదపు మేఘం వానతో కలిసి కోనసీమ మీద కురిస్తే ఈ నేల దాన్ని ఏం చేస్తుంది? అసలు డెల్టా మట్టికి సీజియం-137 పూర్తిగా కొత్త కూడా కాదు. 1950లు, 60లలో గాలిలో పేల్చిన అణుబాంబుల ధూళి ప్రపంచమంతా రాలింది. ఆ రాలడం 1963 ప్రాంతంలో పతాకస్థాయికి చేరింది. చెరువుల్లో, నదీముఖాల్లో పూడిక పొరల వయసు కట్టడానికి శాస్త్రవేత్తలు నేటికీ ఆ 1963 గుర్తునే వెతుకుతారు. అరవై ఏళ్ల కిందట పడిన సీజియం పడిన పొరలోనే చాలావరకు కదలకుండా ఉంటుంది కాబట్టే ఆ పద్ధతి పనిచేస్తోంది. మట్టి దాన్ని అంత గట్టిగా పట్టుకుంటుంది. కాకపోతే అన్ని మట్టులూ కాదు.

మట్టి పట్టు

సీజియం రసాయన స్వభావంలో పొటాషియానికి తమ్ముడు. రెండూ నీటిలో ఒక ధనావేశంతో తిరిగే అయాన్లే. మొక్క వేరు పొటాషియం కోసం తెరిచిన దారిలోనే సీజియం కూడా దూరుతుంది. తేడా ఎక్కడంటే, సీజియం అయాన్ తన చుట్టూ నీటి అణువులను గట్టిగా అంటిపెట్టుకోదు. ఆ నీటి తొడుగు సులువుగా ఊడిపోతుంది కాబట్టి ఇరుకు సందుల్లోకి దూరగలదు.

అలాంటి సందులు అభ్రకం జాతి బంకమట్టిలో, ముఖ్యంగా ఇల్లైట్ అనే ఖనిజంలో ఉంటాయి. ఈ ఖనిజం పేకముక్కల కట్టలా పొరలు పొరలుగా ఉంటుంది. ఎండకూ వానకూ దాని అంచులు కాస్త విచ్చుకుంటాయి, చదివి చదివి నలిగిన పుస్తకం అంచుల్లా. ఆ విచ్చుకున్న అంచులోకి సీజియం జారి, పొరలు మళ్లీ మూసుకునేసరికి ఇరుక్కుపోతుంది. ఆ చోట పొటాషియంతో పోటీ పడితే సీజియానికి మక్కువ సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. మట్టిలో ఇలాంటి అంచుల వాటా చాలా తక్కువే. అయినా ప్రమాదంలో పడే సీజియం బరువు లెక్కన అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ కాబట్టి చోటు సరిపోతుంది.

ఇక డెల్టా నల్లమట్టి. గోదావరి పైపరీవాహకం దక్కన్ బసాల్టు రాళ్ల మీదుగా సాగుతుంది. ఆ రాళ్లు శిథిలమైతే వచ్చేది ప్రధానంగా స్మెక్టైట్. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే మట్టి ఇదే. స్మెక్టైట్‌కు అయాన్లను పట్టే సామర్థ్యం చాలా ఉంది గానీ, ఆ పట్టు వదులుగా ఉంటుంది. సీజియం దాని ఉపరితలాన కూర్చుంటుందే తప్ప లోపల ఇరుక్కోదు. ఇంకో అయాన్ వచ్చి తోస్తే లేచిపోతుంది. అదృష్టం ఏమిటంటే గోదావరి ఒక్క దక్కన్ మట్టినే తేదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తూర్పు వైపు గ్రానైట్, నైస్ రాళ్ల పొడిని కూడా కలుపుతాయి. అభ్రకం, ఇల్లైట్ ఆ వైపు నుంచి వస్తాయి. కాబట్టి 'నల్లరేగడి కాబట్టి సీజియాన్ని బంధిస్తుంది' అని గుడ్డిగా చెప్పడం పొరపాటు. మట్టి ఎంత బంకగా ఉందన్నది కాదు, ఆ బంకలో ఇల్లైట్ పాలు ఎంత అన్నదే ఇక్కడ లెక్క.

రెండు అర్ధాయువులు

ఆహారంలో సీజియం తగ్గడానికి రెండు దారులున్నాయి. ఒకటి పరమాణువు తనంతట తాను క్షీణించడం, దీన్ని ఎవరూ మార్చలేరు. రెండోది నేలలో, నీటిలో, జీవుల్లో జరిగే మార్పుల వల్ల అది అందుబాటులో లేకుండా పోవడం. మట్టిలో బిగుసుకోవడం, వేళ్ల కిందికి దిగిపోవడం, కొట్టుకుపోవడం, పంటతోపాటు బయటికి పోవడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఈ రెండో దారిలో సగం తగ్గడానికి పట్టే కాలాన్ని పర్యావరణ అర్ధాయువు అంటారు. రెండూ కలిసి పనిచేస్తే వచ్చే నికర అర్ధాయువు ఈ సూత్రంతో తెలుస్తుంది:

1/T(నికర) = 1/T(భౌతిక) + 1/T(పర్యావరణ)

దీనికి ఒక మంచి ఉదాహరణ కొబ్బరిచెట్లది. కోనసీమ వాళ్లకు బాగా పట్టే కథ. పసిఫిక్ మహాసముద్రంలో బికినీ దీవిలో అమెరికా 1946 నుంచి 1958 దాకా అణుపరీక్షలు చేసింది. అది రియాక్టర్ ప్రమాదం కాదు, కానీ పడింది అదే సీజియం. దీవి మళ్లీ నివాసయోగ్యమైందని భావించి స్థానికులను తిరిగి రప్పించారు. వాళ్లు కొబ్బరికాయలు తిన్నారు, నీళ్లు తాగారు. వాళ్ల ఒంట్లో సీజియం పెరుగుతూ పోయింది. 1978లో వాళ్లను మళ్లీ దీవి నుంచి తరలించాల్సి వచ్చింది. కారణం నేల. పగడపు దీవి నేల అంటే సున్నపు పొడి. అందులో బంకమట్టి దాదాపు లేదు, పొటాషియం కూడా చాలా తక్కువ. పొటాషియానికి అలమటించే కొబ్బరిచెట్టు దొరికిన సీజియాన్ని దొరికినట్టు లాక్కుంది.

ఆ తర్వాత దశాబ్దాల పాటు అవే చెట్ల కాయల్లో సీజియాన్ని కొలుస్తూ వచ్చారు. నికర అర్ధాయువు సుమారు 8.5 ఏళ్లని తేలింది. భౌతిక అర్ధాయువు 30 కాబట్టి, సూత్రంలో వేస్తే పర్యావరణ అర్ధాయువు సుమారు 12 ఏళ్లు వస్తుంది. అంటే వాన నీరు సీజియాన్ని ఆ సున్నపు నేల గుండా భూగర్భ జలంలోకి దించేస్తోంది.

ఇక్కడో చిక్కుముడి కనిపిస్తుంది. సీజియాన్ని పట్టుకోలేని నేలలో ఆహారం బాగా కలుషితమవుతుంది, కానీ కాస్త తొందరగా శుభ్రపడుతుంది. గట్టిగా పట్టుకునే నేలలో సీజియం దాదాపు ముప్పై ఏళ్ల లెక్కనే నిలిచి ఉంటుంది, గీగర్ కౌంటర్ పెడితే మోగుతూనే ఉంటుంది, కానీ పంటలోకి వచ్చేది స్వల్పం. నేలమీద కొలిచిన అంకె చూసి పంట గురించి తీర్పు చెప్పకూడదన్నది ఇందుకే.

ఈ రెండు కోవలకూ చెందనిది మూడో రకం నేల. బంకమట్టి లేక, సేంద్రియ పదార్థం మాత్రమే పేరుకుపోయిన తడి నేల, అడవి నేల. అక్కడ సీజియం బిగుసుకోదు, పోదు కూడా. గడ్డి పీల్చుకుంటుంది, ఆ గడ్డి కుళ్లి మళ్లీ అక్కడే కలుస్తుంది, మరుసటి ఏడు మళ్లీ గడ్డిలోకి వస్తుంది. ధీమా దెబ్బతిన్నది ఇలాంటి నేల మీదే. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలాక ఆ మేఘం బ్రిటన్ కొండల మీద వానగా కురిసింది. సెకనుకు ఒక పరమాణువు క్షీణిస్తే అది ఒక బెక్వెరెల్. కిలో మాంసంలో 1,000 బెక్వెరెల్ దాటిన గొర్రెలను అమ్మకూడదని జూన్‌లో ఆంక్ష పెట్టారు. మూడు వారాల్లో సర్దుకుంటుందని అనుకున్నారు. మైదానపు బంకనేలల్లో నేర్చుకున్న పాఠాన్ని కొండ మీది పీట్ నేలకు అన్వయించారు. ఆంక్షల్లో చిట్టచివరివి ఎత్తేసింది 2012లో. మూడు వారాలు ఇరవై ఆరేళ్లయ్యాయి.

ఇందులో నేల రకాన్ని పోల్చుకోకపోవడం ఒక తప్పయితే, మొదటి ఏళ్ల వేగాన్ని నమ్మడం ఇంకో తప్పు. పర్యావరణ అర్ధాయువు స్థిరమైన సంఖ్య కాదు. చెర్నోబిల్ తర్వాత మొదటి ఐదేళ్లలో పాలు, గడ్డి, చేపల్లో నికర అర్ధాయువు 1 నుంచి 4 ఏళ్లు ఉండేది. సీజియం కొత్తగా పడి మట్టిలో బిగుసుకుంటున్న కాలం అది. తర్వాత అది 6 నుంచి 30 ఏళ్లకు పెరిగిందని 2000లో శాస్త్రవేత్తలు చూపించారు. బిగుసుకోవలసింది బిగుసుకున్నాక, మిగిలింది మట్టికీ నీటికీ మధ్య ఒక సమతూకానికి వస్తుంది. కొంత లోపలికి పోతే కొంత బయటికి వస్తుంటుంది.

దీని తేడా ఎంతో ఒక ఊహాత్మక లెక్కతో చూడొచ్చు. కిలో గడ్డిలో 1,000 బెక్వెరెల్‌తో మొదలైందనుకుందాం. మొదటి ఐదేళ్లు అర్ధాయువు 2 ఏళ్లు. ఐదో ఏడు చివరికి 177 మిగులుతుంది. అదే వేగం సాగుతుందని లెక్కేసినవాడు ఇరవయ్యో ఏటికి ఒక్క బెక్వెరెల్ అని చెబుతాడు. నిజానికి ఆ తర్వాత అర్ధాయువు 15 ఏళ్లకు మారితే, ఇరవయ్యో ఏట ఉండేది 88. తొంభై రెట్ల దాకా తేడా. ఐదేళ్ల కొలతలను గ్రాఫు మీద గీసి, గీతను స్కేలు పెట్టి పొడిగించేవాళ్లకు ఈ ముప్పు ఎప్పుడూ ఉంటుంది.

వరిమడిలో

డెల్టాకు అన్నిటికంటే దగ్గరి పాఠం ఫుకుషిమాది. 2011 మార్చిలో ప్రమాదం జరిగింది. ఆ ఏడు వరి కోతల వేళ నమూనాలు తీసి పరీక్షించి, అక్టోబరులో ఆ ప్రాంత ప్రభుత్వం తమ బియ్యం భద్రమేనని ప్రకటించింది. నవంబరులో ఫుకుషిమా నగరం ఒనామి ప్రాంతంలో ఒక రైతు బియ్యంలో కిలోకు 630 బెక్వెరెల్ తేలింది. అప్పటి పరిమితి 500. రియాక్టర్‌కు అంతకంటే దగ్గరగా ఉన్న చాలా మళ్లలో బియ్యం బాగానే ఉంది, దూరంగా ఉన్న ఈ మళ్లలో దెబ్బతింది. దూరం కాదు, నేలలో పడిన సీజియం మొత్తం కూడా కాదు, ఇంకేదో ఉందని అప్పుడు అర్థమైంది.

తవ్వి చూస్తే కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ మళ్లలో మొక్కకు అందే పొటాషియం బాగా తక్కువగా ఉంది. సీజియాన్ని బిగించే బంకమట్టి పాలు తక్కువ. దున్నకం లోతు లేక సీజియం పైపొరలోనే ఉండిపోయింది, వరి వేళ్లూ అక్కడే ఉన్నాయి. వీటన్నిటిలో రైతు చేతిలో ఉన్నది పొటాషియం ఒక్కటే. అందుకే జపాన్ అధికారులు ఒక గురి పెట్టారు: వంద గ్రాముల పొడి మట్టిలో, మొక్కకు అందే పొటాషియం ఆక్సైడ్ లెక్కన 25 మిల్లీగ్రాములు ఉండాలి. లేకపోతే నాటు ముందే పొటాష్ వేసి ఆ స్థాయికి తేవాలి. 2012 నుంచి ఆ ప్రాంతంలో పండిన ప్రతి బస్తానూ యంత్రం మీద పెట్టి కొలిచారు, ఏటా సుమారు కోటి బస్తాలు. పరిమితిని కూడా 100 బెక్వెరెల్‌కు దించారు. అది దాటినవి 2012లో 71 బస్తాలు, 2013లో 28, 2014లో 2. 2015 నుంచి ఒక్కటీ లేదు. సీజియం ఈలోపు నేలలోంచి ఎక్కడికీ పోలేదు. దానికి పోటీదారు పెరిగింది, అంతే.

ఇప్పుడు ఆ 25 మిల్లీగ్రాముల గురిని డెల్టా రైతు చేతిలో ఉండే మట్టి పరీక్ష కార్డు భాషలోకి మార్చి చూడొచ్చు. పదిహేను సెంటీమీటర్ల లోతు, ఘనమీటరుకు 1.3 టన్నుల మట్టి అనుకుంటే హెక్టారుకు సుమారు 19.5 లక్షల కిలోల మట్టి. అందులో వంద గ్రాములకు 25 మిల్లీగ్రాములంటే హెక్టారుకు 490 కిలోల దాకా పొటాషియం ఆక్సైడ్, పొటాషియంగా చెబితే సుమారు 400 కిలోలు. మన దేశంలో మట్టి పరీక్షల వాడుక ప్రకారం పొటాషియం 280 కిలోలు దాటితే 'ఎక్కువ' అని రాస్తారు. అంటే కార్డు మీద 'ఎక్కువ' అని ఉన్న మడి కూడా ఫుకుషిమా గురికి తక్కువ పడవచ్చు. పంట దిగుబడికి సరిపోవడం వేరు, సీజియాన్ని వెనక్కి నెట్టడం వేరు. ఒకే పరీక్ష, కానీ అడిగే ప్రశ్న వేరు.

డెల్టా నల్లనేలల్లో పొటాషియం సాధారణంగా బాగానే ఉంటుంది. కానీ సార్వా, దాళ్వా అంటూ ఏటా రెండు పంటలు తీస్తూ, యూరియా మీదే చెయ్యి పడుతూ, పొటాష్ మీద చెయ్యి వెనక్కి తీసే చోట అది తరుగుతుంది. వరి పీల్చుకున్న పొటాషియంలో ఎక్కువ పాలు గడ్డిలో ఉంటుంది. కోతలయ్యాక గడ్డి మడిలోనే దున్నితే ఆ పొటాషియం తిరిగొస్తుంది. మోపులు కట్టి అమ్మేస్తే దాంతోపాటే పోతుంది.

యూరియా సంగతికి కాస్త ఆగాలి, ఇది వరిమడికే ప్రత్యేకం. మెట్ట నేలలో యూరియా అమ్మోనియంగా మారి, కొద్ది రోజుల్లో నైట్రేట్ అవుతుంది. నీళ్లు నిలిచిన మడిలో పైన పల్చని పొర తప్ప కింద ఆక్సిజన్ ఉండదు. కాబట్టి అమ్మోనియం అమ్మోనియంగానే నిలుస్తుంది. వరికి అది మేలే. కానీ ఇల్లైట్ అంచుల్లో ఇరుక్కున్న సీజియాన్ని బయటికి తోయగల అయాన్లలో అమ్మోనియం ముందుంటుంది. సీజియం లాగే దానికీ నీటి తొడుగు సులువుగా ఊడుతుంది, అదే సందులోకి దూరగలదు. ఆ పనిలో పొటాషియం కంటే కొన్ని రెట్లు సమర్థం. అమెరికాలో రియాక్టర్ నీళ్లు చేరిన ఒక చెరువులో, అడుగున ఆక్సిజన్ అయిపోయిన ఎండాకాలంలో బురదలోని సీజియం నీటిలోకి తిరిగి రావడం 1980లలోనే గమనించారు. అక్కడా కారణం అమ్మోనియమే. కాబట్టి దమ్ము చేసి, నీళ్లు కట్టి, ఒక్కసారిగా యూరియా గుమ్మరించిన మడిలో సీజియం కొంతకాలం ఉన్నదానికంటే ఎక్కువ అందుబాటులోకి వస్తుంది. మొక్క ఎదిగే తొలిదశలో పీల్చుకున్న సీజియం తర్వాత గింజకు చేరగలదు. కాబట్టి పొటాష్ నాటు ముందు దుక్కిలోనే పడాలి, కంకి వేళకు వేస్తే ఆలస్యమే.

ఇక అంకెల్లోకి. చదరపు మీటరుకు లక్ష బెక్వెరెల్ పడిందనుకుందాం. చెర్నోబిల్ తర్వాత 'కలుషిత ప్రాంతం' అని గీసిన గీత 37 వేలు, కాబట్టి ఇది తేలికపాటి దెబ్బ కాదు. దున్నిన పొర బరువు చదరపు మీటరుకు 195 కిలోలు. అంటే కిలో మట్టికి సుమారు 510 బెక్వెరెల్. మట్టి నుంచి పంటకు ఎంత వస్తుందో చెప్పే నిష్పత్తి ఒకటుంది. కిలో గింజలో ఉన్నదాన్ని కిలో మట్టిలో ఉన్నదానితో భాగిస్తే వచ్చేది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సంకలనంలో వరి గింజకు ఇది మధ్యస్థంగా 0.008 దరిదాపుల్లో ఉంది. దీంతో లెక్కేస్తే కిలో బియ్యంలో 4 బెక్వెరెల్. పొటాషియం అడుగంటిన తేలిక నేల అనుకుని 0.1 వేస్తే 50. నేల మీద పడింది రెండు చోట్లా ఒకటే, అన్నంలో పన్నెండు రెట్ల తేడా.

రోజుకు 400 గ్రాముల బియ్యం తినేవాళ్ల ఒంట్లోకి మొదటి మడి నుంచి రోజుకు 1.6 బెక్వెరెల్ వెళ్తుంది. పెద్దవాళ్ల ఒంట్లో సీజియం సగానికి తగ్గడానికి సుమారు వంద రోజులు పడుతుంది. ఆ లెక్కన ఏడాది రెండేళ్లలో ఒంట్లో 230 బెక్వెరెల్ దగ్గర స్థిరపడుతుంది. ప్రతి మనిషి ఒంట్లో సహజంగా ఉండే పొటాషియం-40 నుంచి వచ్చేది 4,000 దాకా ఉంటుంది. రెండో మడి అన్నమైతే 2,900 చేరుతుంది. ఇది బియ్యం ఒక్కటే లెక్క. పాలు, చేపలు ఇంకా మిగిలే ఉన్నాయి.

తవుడు, గడ్డి, చేప

వరి అంటే బియ్యం ఒక్కటే కాదు. గింజలో సీజియం సమంగా పరుచుకోదు. పై పొరల్లో ఎక్కువ, లోపలి తెల్లగింజలో తక్కువ. మరలో పాలిష్ పట్టాక బియ్యంలో సగానికి లోపే మిగులుతుంది. బియ్యం కడిగి వండితే ఇంకా తగ్గుతుంది. తినేవాళ్లకు మంచిదే. కానీ మర దగ్గర పోయిందనుకున్నది తవుడులోకి చేరింది, కిలో లెక్కన బియ్యంలో కంటే ఎన్నో రెట్లు గాఢంగా.

డెల్టాలో తవుడు ఎక్కడికి వెళ్తుందో చెప్పనక్కర్లేదు. కొంత పశువులకు, మరింత పెద్ద పాలు నూనె తీసేశాక చేపల చెరువులకు. కొల్లేరు చుట్టూ, పశ్చిమ డెల్టాలో బొచ్చె, శీలావతి పెరిగేది ప్రధానంగా ఈ తవుడు మీదే. నూనెలో సీజియం కరగదు, కాబట్టి నూనె తీసిన తవుడులో అది అలాగే ఉంటుంది. ఆహార గొలుసు అంటే పుస్తకాల్లో గడ్డి, జింక, పులి అని బొమ్మ వేస్తారు. ఇక్కడి గొలుసు మడి, మర, తవుడు బస్తా, చెరువు గట్టు.

మంచినీటి చేపకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చుట్టూ ఉన్న నీటిలో లవణాలు తక్కువ, కాబట్టి ఒంట్లోకి వచ్చిన పొటాషియాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచుకుంటుంది. దాంతోపాటు సీజియాన్నీ పట్టి ఉంచుకుంటుంది. సముద్రపు చేప దీనికి విరుద్ధం. ఉప్పు నీళ్లు తాగుతూ, అదనపు లవణాలను బయటికి పంపుతూనే ఉంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు 390 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటే నదీ జలాల్లో సాధారణంగా కొద్ది మిల్లీగ్రాములే. నీటిలో పొటాషియం తగ్గినకొద్దీ చేపలో సీజియం పోగవడం పెరుగుతుందన్నది ఎన్నో సరస్సుల్లో రుజువైన విషయం. కాబట్టి ఒకే సీజియం పడినా, కాలువ నీళ్ల మీద నడిచే బొచ్చె చెరువుకు ఉన్న ఇబ్బంది తీరంలో ఉప్పు నీటి రొయ్యల చెరువుకు ఉండదు. చేపల్లో కూడా ఇతర చేపలను తినే కొర్రమీను లాంటివాటిలో అది ఆలస్యంగా పెరిగి, ఆలస్యంగా తగ్గుతుంది. చెర్నోబిల్ తర్వాత యూరప్ సరస్సుల్లో వేటాడే చేపలన్నిటిదీ అదే తీరు. ఒక ఊరట ఏమిటంటే ఇక్కడి నీళ్లు వెచ్చన. చేప ఒంట్లోంచి సీజియం పోయే వేగం నీటి వేడితో పెరుగుతుంది.

గడ్డి దారి పొట్టిది. గడ్డిలో సీజియం గింజలో కంటే ఎక్కువ ఉంటుంది. ఐదు రెట్లు అనుకుందాం. మొదటి మడి గడ్డి కిలోకు 20 బెక్వెరెల్. రోజుకు ఎనిమిది కిలోలు మేసే గేదె లోపలికి 160 వెళ్తుంది. ఆవులకు కట్టిన లెక్క ప్రకారం రోజూ తిన్నదాంట్లో 0.46 శాతం ప్రతి లీటరు పాలలోకి వస్తుంది. దాన్నే గేదెకూ వాడితే లీటరుకు ఒక బెక్వెరెల్ కూడా కాదు. రెండో మడి గడ్డి అయితే 9 దాకా. పశువుల విషయంలో మంచి సంగతి, మేత మార్చితే కొన్ని వారాల్లోనే పాలు శుభ్రపడతాయి. బ్రిటన్ గొర్రెలను కూడా కొండ దించి మైదానంలో మేపి, కొలిచి, ఆ తర్వాతే అమ్మేవాళ్లు. నార్వే, బెలారస్ లాంటి చోట్ల ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పదార్థాన్ని మేతలో కలిపారు. అది పేగులోనే సీజియాన్ని పట్టేసి పేడలోకి పంపుతుంది. ఆ పేడ మళ్లీ పొలానికే వెళ్తుందన్న మాట నిజమే గానీ, ఆ రూపంలో మొక్కకు అందేది తక్కువ.

ఎలా పోల్చుకోవాలి

మట్టిలో సీజియం-137 ఉందో లేదో చెప్పడం కష్టం కాదు. అది క్షీణించినప్పుడు వచ్చే గామా కిరణం శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. జెర్మేనియం డిటెక్టర్ దాన్ని స్పష్టంగా పట్టిస్తుంది. అది పాతదా, కొత్తదా అన్నది చెప్పడానికి దాని తోడు సీజియం-134ను చూడాలి. దాని అర్ధాయువు రెండేళ్లే, బాంబుల ధూళిలో అది దాదాపు ఉండదు. ఫుకుషిమాలో రెండూ సుమారు సమానంగా పడ్డాయి, చెర్నోబిల్‌లో 134 సగం దాకా. ఏ మట్టిలోనైనా 137 ఉండి 134 అసలు లేకపోతే, అది ఇటీవలి ప్రమాదపు పని కాదు, 1963 నాటి ధూళో, 134 ఈపాటికి క్షీణించిపోయిన చెర్నోబిల్ లాంటి పాత ప్రమాదపు మిగులో అన్నమాట.

అసలు చిక్కు ఆ తర్వాతిది: ఉన్నదాంట్లో ఎంత పంటకు అందుతుంది? దీనికి వాడే పరీక్ష సాదాసీదాది. మట్టిని అమ్మోనియం ఎసిటేట్ ద్రావణంతో కడుగుతారు. మొక్కకు అందే పొటాషియాన్ని కొలవడానికి మట్టి పరీక్ష కేంద్రాల్లో వాడే ద్రావణం కూడా ఇదే. కడిగిన ద్రావణంలోకి ఎంత సీజియం వచ్చిందో అదే ఇవాళ కదలగల సీజియం. బంకనేలల్లో కొన్నేళ్లకు ఆ వాటా పదోవంతు, అంతకంటే తక్కువకు పడిపోతుంది. పీట్ నేలల్లో, ఇసుకలో అంతగా పడదు.

డెల్టాలో ఇలా కడిగి చూడాల్సిన మొదటి చోటు నల్ల వరిమళ్లు కావు, సముద్రపు ఒడ్డున ఉన్న ఇసుక మెరకలు. అంతర్వేది వైపు కొబ్బరితోటల కింద కొన్నిచోట్ల ఉన్నది అలనాటి తీరపు ఇసుకే. బికినీ సున్నపు నేలంత పేదది కాకపోయినా, బంక తక్కువ, పొటాషియం తక్కువ అన్న రెండు లక్షణాలూ దానికి ఉన్నాయి. బికినీలో కొబ్బరిచెట్లకు పొటాషియం ఎరువు వేసి చూస్తే కాయల్లో సీజియం పదోవంతు దరిదాపులకు పడిపోయింది. కొబ్బరి ఎలాగూ పొటాష్ బాగా కోరే పంటే.

ఆ ఇసుక తోటల్లో రైతులు చేసే ఇంకో పని కూడా ఉంది. ఎండాకాలంలో కాలువ పూడికనో చెరువు మట్టినో తవ్వి తెచ్చి చెట్ల పాదుల్లో పోస్తారు. అలాంటి ప్రమాదం జరిగిన తర్వాత ఆ పూడిక రెండు పనులు చేస్తుంది. నీళ్లలో సీజియం ఎక్కువగా బంక రేణువులకు అంటుకునే ప్రయాణిస్తుంది కాబట్టి, ధవళేశ్వరం ఆనకట్ట వెనకా కాలువ అడుగునా పేరుకున్న మెత్తటి ఒండ్రులోనే అది ఎక్కువగా చేరుతుంది. ఆ మట్టి పోస్తే సీజియాన్ని తెచ్చి పోసినట్టే. అదే మట్టిలో ఇల్లైట్ కూడా ఉంటుంది, ఇసుకకు లేని పట్టును అదే తెచ్చిపెడుతుంది. ఏ కాలువ మట్టిలో తెచ్చేది ఎక్కువో, ఏ కాలువ మట్టిలో పట్టి ఉంచేది ఎక్కువో, ఒక్కో కుప్పలోంచి కాస్త తీసి అమ్మోనియం ఎసిటేట్‌తో కడిగితే గానీ తేలదు.